ఆఫర్‌కు సరే అనే ముందు: కంపెనీ రివ్యూలను ఎలా చదవాలి

నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒకరోజు మధ్యాహ్నం హెచ్‌ఆర్ నుంచి టీమ్ గ్రూపులోకి ఒక లింకు వచ్చింది. "అందరూ రెండు నిమిషాలు తీసుకుని మన కంపెనీకి రివ్యూ రాయండి. రాశాక స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టండి" అని. అయిదు స్టార్లు ఇవ్వమని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు, స్క్రీన్‌షాట్ మేనేజర్ చూస్తాడు కదా. నేనూ అయిదు స్టార్లే ఇచ్చాను. లోపాలు రాసే గడి ఖాళీగా వదిలేస్తే సైటు ఒప్పుకోలేదు, అందుకని "క్యాంటీన్ కాస్త చిన్నది" అని రాశాను. క్యాంటీన్ చిన్నదే, అబద్ధం కాదు. కానీ ఆ ఏడాది ఇంక్రిమెంట్లు ఎనిమిది నెలలు ఆలస్యమయ్యాయి. అది మాత్రం రాయలేదు.

ఆ వారం మా పేజీ చూసినవాళ్లకు ఆ కంపెనీలో అన్నిటికన్నా పెద్ద కష్టం క్యాంటీన్ అనిపించి ఉంటుంది.

అప్పటి నుంచి నేను ఏ కంపెనీ పేజీ తెరిచినా పైన పెద్ద అక్షరాల్లో కనిపించే రేటింగును ముందుగా నమ్మను. ఈమధ్య మా పిన్ని కూతురికి ఒక సాఫ్ట్‌వేర్ ప్రొడక్ట్ కంపెనీలో కస్టమర్ సపోర్ట్ ఇంజినీరుగా ఆఫర్ వచ్చింది. సమాధానం చెప్పడానికి అయిదు రోజుల గడువు. "అన్నయ్యా, రేటింగ్ 4.1 ఉంది, బాగానే ఉన్నట్టేగా?" అని ఫోన్ చేసింది. ఇద్దరం కూర్చుని ఆ పేజీని విప్పి చూశాం. మేం ఏం చేశామో వరసగా చెబుతాను. మీ ఆఫర్‌కూ ఇదే పద్ధతి పనికొస్తుంది. యాభై అరవై రివ్యూలకు సుమారు గంటన్నర పడుతుంది.

మొదటి పని: తేదీల వారీగా పేర్చండి

సైటు తెరవగానే రివ్యూలు సాధారణంగా "పాపులర్" లేదా "రెలెవెంట్" అనే క్రమంలో ఉంటాయి. ఆ క్రమంలో చదవొద్దు. "మోస్ట్ రీసెంట్"కి మార్చండి. తర్వాత ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి ఒక్కో రివ్యూకు ఒక్కో వరుస రాయండి. ఆరు నిలువు గడులు చాలు: తేదీ, స్టార్లు, ఏ ఉద్యోగం, ఇప్పుడు ఉన్నవారా మానేసినవారా, ఎన్నాళ్లు పనిచేశారు, చివరగా ఒక గుర్తు పెట్టుకునే గడి. ఇప్పటికి రాతలు చదవకండి, పైపై వివరాలు మాత్రమే ఎక్కించండి. ముందే చదివితే ఎవరో బాగా రాసిన ఒక తిట్టు మనసులో ఉండిపోయి, మిగతావన్నీ దాని వెలుగులోనే కనిపిస్తాయి.

వందల్లో రివ్యూలు ఉన్న పెద్ద కంపెనీ అయితే అన్నీ ఎక్కించక్కర్లేదు. మీ ఉద్యోగం పేరుతో వడకట్టి, గత ఏడాదిన్నరలో వచ్చినవాటిలో నలభై తీసుకోండి.

మా చెల్లెలి కంపెనీకి మూడేళ్లలో 58 రివ్యూలు ఉన్నాయి. తేదీలు ఎక్కించగానే ఒక విషయం కళ్లకు కట్టినట్టు కనిపించింది. మామూలుగా నెలకు ఒకటి, ఎప్పుడైనా రెండు, కొన్ని నెలల్లో అసలు ఒక్కటీ లేదు. అలాంటిది ఒక అక్టోబరులో మాత్రం తొమ్మిది రోజుల్లో 17 వచ్చి పడ్డాయి. అందులో 15 అయిదు స్టార్లవి, రెండు నాలుగు స్టార్లవి. మూడు గానీ అంతకన్నా తక్కువ గానీ ఒక్కటీ లేదు.

ఇది కొత్త వింతేమీ కాదు. 2019 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక ఉద్యోగులు తమ కంపెనీలకు రివ్యూలు రాసే గ్లాస్‌డోర్ సైటులోని లక్షల రివ్యూలను పరిశీలించి ఒక కథనం వేసింది. 400 పైచిలుకు కంపెనీల్లో ఏదో ఒక నెలలో రివ్యూలు అసాధారణంగా పెరిగాయని, అలా పెరిగిన నెలల్లో పొగడ్తల వాటా మిగతా నెలల కన్నా ఎక్కువని అది రాసింది. వాటిలో బాగా పేరున్న కంపెనీలు కూడా ఉన్నాయి. కాబట్టి పెద్ద పేరు కదా అని ఈ మెట్టు వదిలేయకండి.

ఇలా గుంపు కనిపిస్తే దానికి ముందు నెల కూడా చూడండి. మా కేసులో సెప్టెంబరు చివర్లో రెండు పొడవాటి ఒక స్టారు రివ్యూలు ఉన్నాయి. సపోర్ట్ టీమ్ నుంచే, వివరంగా. అవి వచ్చిన పది రోజులకు ఈ 17 మొదలయ్యాయి. ఇంకొన్ని చోట్ల పెద్ద ఎత్తున రిక్రూట్‌మెంట్ మొదలుపెట్టే ముందు, లేదా "ఉత్తమ కంపెనీల" జాబితాకు గడువు దగ్గరపడినప్పుడు ఇలాంటి గుంపులు వస్తాయి.

రెండో పని: గుంపును తీసేసి లెక్క మళ్లీ వేయండి

ఇక్కడ చాలామంది డిటెక్టివ్ పని మొదలుపెడతారు. ఇవి హెచ్‌ఆరే రాసిందా, ఉద్యోగుల చేత రాయించిందా, బయట ఎవరికైనా డబ్బులిచ్చిందా అని. అది మీకు తేలదు, తేలాల్సిన అవసరమూ లేదు. కొత్త బ్యాచ్ చేరిన మొదటి వారంలో ఇండక్షన్ క్లాసులో లింకు పంచి ఉండొచ్చు. ఆ పిల్లలు నిజంగానే సంతోషంగా రాసి ఉండొచ్చు. కానీ చేరి పది రోజులైన మనిషి సంతోషం మీ మూడో నెల ఎలా ఉంటుందో చెప్పదు. కాబట్టి ఎవరు రాశారన్న ప్రశ్న వదిలేసి, ఆ గుంపు లేకపోతే ఏం మిగులుతుందో చూడండి.

స్ప్రెడ్‌షీట్‌లో ఆఖరి గడిలో గుంపులోని ప్రతి రివ్యూకూ x పెట్టండి. స్టార్లు B నిలువు గడిలో, గుర్తులు F నిలువు గడిలో ఉంటే ఈ ఫార్ములా మిగతావాటి సగటు చెబుతుంది:

```
=AVERAGEIFS(B2:B59,F2:F59,"<>x")
```

మాకు వచ్చిన లెక్క ఇది. 58 రివ్యూలకూ మామూలు సగటు తీస్తే 3.8. ఆ 17 తీసేస్తే మిగిలిన 41కి 3.3. మరి సైటు చూపించిన 4.1 ఎక్కడిది? గ్లాస్‌డోర్ లాంటి సైట్లు మామూలు సగటు వేయవు. కొత్త రివ్యూలకు ఎక్కువ బరువు ఇస్తాయి. ఆలోచన మంచిదే, మూడేళ్ల నాటి సంగతి కన్నా నిన్నటి సంగతే ముఖ్యం కదా. కానీ గుంపుగా రాయించేవారికి ఇది రెండు రకాలుగా కలిసొస్తుంది. లెక్కలోకి అయిదులు చేరతాయి, అవి కొత్తవి కాబట్టి బరువూ ఎక్కువ పడుతుంది.

గుంపు తీసేసినా సగటు పెద్దగా మారకపోతే, ఉదాహరణకు 4.1 కాస్తా 4.0 అయితే, నిశ్చింతగా ముందుకు వెళ్లండి. వాళ్లు లింకు పంచారేమో గానీ కప్పిపుచ్చాల్సినంత ఏమీ లేదన్నమాట. తేడా అర స్టారు దాకా వస్తే మాత్రం మిగిలినవి జాగ్రత్తగా చదవాల్సిందే.

రివ్యూలు మరీ తక్కువ ఉంటే ఈ లెక్కలేవీ పనికిరావు. ఎనిమిది రివ్యూలతో 4.0 ఉన్న కంపెనీకి ఒక్కరు వచ్చి ఒక స్టారు ఇస్తే 3.7కి పడిపోతుంది. పదిలోపు ఉంటే రేటింగు లేదనే అనుకుని, రాతలు మాత్రమే చదవండి.

మూడో పని: ఇప్పుడు చదవండి, కానీ కెమెరాకు దొరికేవి మాత్రమే రాసుకోండి

ఇక రాతల్లోకి వెళ్దాం. గుంపులోని 17 నుంచి మొదలుపెట్టాం, రాయించిన పొగడ్తలు ఎలా ఉంటాయో కన్నుకు అలవాటు కావడానికి. వాటిలో 12 మంది ఉద్యోగం పేరు రాయలేదు. 11 మంది పనిచేసింది ఏడాదిలోపే. "సపోర్టివ్ మేనేజ్‌మెంట్", "గ్రేట్ లెర్నింగ్" అనే మాటలు మళ్లీ మళ్లీ వచ్చాయి. లోపాల గడిలో "చెప్పుకోదగ్గవి లేవు", "ఇప్పటివరకు ఏమీ కనిపించలేదు", "పని మీద ప్రేమ ఎక్కువై టైమ్ తెలియదు" లాంటివి. నా క్యాంటీన్ గుర్తొచ్చింది.

అయితే పొట్టిగా, పొడిగా ఉన్న ప్రతి పొగడ్తా రాయించింది కాదు. కొన్ని సైట్లలో మీరొక రివ్యూ రాస్తే గానీ మిగతావి పూర్తిగా చదవనివ్వరు. ఇంకో కంపెనీ గురించి తెలుసుకోవాలనుకున్న మనిషి తన కంపెనీకి "మంచి కంపెనీ, మంచి మనుషులు" అని నాలుగు స్టార్లు పడేసి తలుపు తీయించుకుంటాడు. అందులో మోసం లేదు, సమాచారమూ లేదు. దాటేయండి. ఆ నిబంధన వల్ల ఒక మేలు కూడా ఉంది. గ్లాస్‌డోర్ సమాచారంతో చేసి 2018లో వెలువరించిన ఒక అధ్యయనంలో తేలిందేమిటంటే, తమంతట తాము వచ్చి రాసేవాళ్లు ఒకటి, అయిదు అనే రెండు చివర్లకు ఎక్కువగా మొగ్గుతారు, ఈ నిబంధన వల్ల రాసేవాళ్లు నడిమి స్టార్లు ఎక్కువగా ఇస్తారు. మామూలుగా బాగానే గడుస్తున్నవాడికి పనిగట్టుకుని కూర్చుని రాసే అవసరం ఏముంటుంది? అందుకే రెండు, మూడు, నాలుగు స్టార్ల రివ్యూలకే నేను ఎక్కువ సమయం ఇస్తాను. మూడు స్టార్లు ఇచ్చినవాడికి ఎవర్నీ మెప్పించాల్సిన పని లేదు, ఎవరి మీదా కసి తీర్చుకోవాల్సిన పనీ లేదు.

ఇప్పుడు మిగిలిన 41 రివ్యూలు చదువుతూ ఒక్కోదాని పక్కన ఒక్క విషయం రాసుకోండి. నియమం ఒకటే: ఆఫీసులో కెమెరా పెడితే అందులో రికార్డయ్యే విషయమై ఉండాలి. "టాక్సిక్ కల్చర్" కెమెరాకు దొరకదు. "శనివారం మధ్యాహ్నం మూడింటికి మీటింగ్ పెడతారు" దొరుకుతుంది. "మేనేజ్‌మెంట్‌కి విజన్ లేదు" దొరకదు. "ఏడాదిలో ముగ్గురు మేనేజర్లు మారారు" దొరుకుతుంది. అలాంటిదేమీ లేని రివ్యూ పక్కన గడి ఖాళీగా వదిలేయండి, అది అయిదు స్టార్లదైనా ఒక స్టారుదైనా. మా 41లో 18 గడులు ఖాళీగానే మిగిలాయి. అంటే నిజంగా ఏదైనా చెప్పినవి 23.

ఆ 23లో రాత్రిపూట ఆన్‌కాల్ గురించి తొమ్మిది ఉన్నాయి. ఆరు సపోర్ట్ టీమ్‌వి. ఇక్కడే అసలు సంగతి దొరికింది. ఆ తొమ్మిదిలో రెండు స్టార్ల మనిషి "రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది, మర్నాడు తొమ్మిదికి మళ్లీ లాగిన్ అవ్వాలి" అని రాశాడు. నాలుగు స్టార్లు ఇచ్చిన మనిషి "రాత్రి కాల్స్ ఉంటాయి గానీ వాటి వల్లే ప్రొడక్ట్ మొత్తం నేర్చుకున్నాను" అని రాశాడు. ఒకడికి శాపం, ఇంకొకడికి వరం. కానీ ఫోన్ మోగుతుందన్న విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట. తృప్తిగా ఉన్నవాడు, కోపంగా ఉన్నవాడు ఒకే విషయం చెబితే అది దాదాపు నిజమేనని నేను తీసుకుంటాను. అది మంచిదా చెడ్డదా అన్నది వాళ్ల అభిప్రాయం. దాన్ని మీరు మీ జీవితానికి తగ్గట్టు తేల్చుకోవాలి. మా చెల్లెలికి రెండేళ్ల బాబు ఉన్నాడు, కాబట్టి ఆమెకు ఇది చిన్న విషయం కాదు.

మీ టీమ్‌ను విడిగా చూడటం మరిచిపోకండి. ఒకే కప్పు కింద రెండు వేరువేరు కంపెనీలు ఉంటాయి. ఈ 41లో సపోర్ట్ టీమ్‌వి తొమ్మిది. వాటి స్టార్లు వరసగా 4, 3, 3, 3, 2, 2, 2, 1, 1. సగటు 2.3. మార్కెటింగ్, సేల్స్ వాళ్లు నాలుగులు, అయిదులు ఇచ్చారు, వాళ్ల వల్లే మొత్తం సగటు 3.3 దాకా నిలబడింది. తొమ్మిది రివ్యూలు తక్కువే, దాన్ని పట్టుకుని తీర్పు చెప్పలేం. కానీ 4.1 చూసి ఫోన్ చేసిన అమ్మాయి చేరబోయేది ఆ తొమ్మిది మంది కూర్చున్న చోటికే.

నాలుగో పని: తిట్లను తూకం వేయండి

కోపంతో రాసినవాటిని రెండు రకాలుగా తప్పు చదువుతారు. కొందరు భయపడిపోతారు, కొందరు "ఎవడో పీకేసినవాడు రాశాడులే" అని కొట్టిపారేస్తారు. పీకేసినవాడు కూడా నిజం చెప్పొచ్చు.

మా పేజీలో ఒక స్టారువి నాలుగు. ఒకటి చాలా పొడవు. సగం పెద్ద అక్షరాల్లో, ఒక మేనేజరు పేరులోని మొదటి అక్షరాలతో, ప్రమోషన్ ఇస్తానని మాటిచ్చి మోసం చేశాడని. చదువుతుంటే అయ్యో అనిపించింది. కానీ 58 రివ్యూల్లో ప్రమోషన్ మాట తప్పారన్న ఆరోపణ ఇంకెక్కడా లేదు. అబద్ధమని కాదు, అది ఇద్దరు మనుషుల మధ్య జరిగిన కథ అయ్యుండొచ్చు. పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంచాం.

ఇంకొకటి రెండే వాక్యాలు. "రాజీనామా చేశాక ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ డబ్బు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆరు మెయిల్స్ పెట్టాను." ఒక్క తిట్టు లేదు. నాకు ఇది మొదటిదానికన్నా ఎక్కువ నమ్మకంగా అనిపించింది. కోపంతో కల్పించేవాడు రాక్షసులను కల్పిస్తాడు గానీ మెయిల్స్ లెక్కపెట్టడు. వెతికితే ఒక మూడు స్టార్ల రివ్యూలో కూడా "మానేసేటప్పుడు అకౌంట్స్ వాళ్లతో ఓపిక ఉండాలి" అని ఉంది. రెండు వేరు గొంతులు, రెండు వేరు తేదీలు, మాటలు వేరు, విషయం ఒకటే. మాటలు కూడా ఒకటే అయితే అనుమానించాలి. ఒకే మనిషి రెండు అకౌంట్లతో రాసి ఉండొచ్చు, ఒకరిది చూసి ఇంకొకరు ఎత్తి రాసి ఉండొచ్చు.

కానీ వెంటనే మరో పని కూడా చేయాలి: ఆ విషయం ఆఖరిసారిగా ఎప్పుడు వచ్చిందో చూడాలి. పై రెండూ రెండేళ్ల కిందటివి. ఈమధ్య మానేసిన ఒకరు "సెటిల్‌మెంట్ నలభై రోజుల్లో వచ్చింది" అని రాశారు. అంటే ఆ జబ్బు నయమై ఉండొచ్చు. ఆన్‌కాల్ సంగతి అలా కాదు, అక్టోబరు గుంపు తర్వాత వచ్చిన నాలుగు రివ్యూల్లో రెండింట్లో ఉంది. పాత తప్పుకు ఇప్పటి కంపెనీని శిక్షించకూడదు, ఇప్పటి తప్పును పాత పొగడ్తతో మాఫీ చేయకూడదు.

తిట్లు కూడా గుంపుగా రావచ్చు. ఒకే నెలలో పది ఒక స్టార్లు పడితే ముందు ఆ నెలలో ఏం జరిగిందో వార్తల్లో వెతకండి. లేఆఫ్‌లా, ఇంటి నుంచి పని ఎత్తేశారా, కంపెనీ చేతులు మారిందా. అలాంటప్పుడు ఆ కోపం నకిలీ కాదు, కానీ ఒక సంఘటనకు కట్టుబడిన కోపం. ఆ తర్వాత ఆరు నెలలకు వచ్చిన రివ్యూలే మీకు పనికొస్తాయి.

కంపెనీ ఇచ్చిన జవాబులు కూడా చూడండి, ఎక్కువసేపు అక్కర్లేదు. ప్రతి తిట్టు కింద "మీ అభిప్రాయం మాకు విలువైనది, హెచ్‌ఆర్‌ను సంప్రదించండి" అనే ఒకే పేరా ఉంటే అందులో ఏమీ లేదు. "ఆన్‌కాల్ రోస్టరును మార్చి, ఇద్దరిని కొత్తగా తీసుకున్నాం" అని ఉంటే అది కెమెరాకు దొరికే జవాబు. దాన్ని మీరు అడిగి నిర్ధారించుకోవచ్చు.

చిన్న కంపెనీల విషయంలో ఒక హెచ్చరిక. ముప్పై మంది ఉన్న చోట సపోర్ట్ టీమ్ నుంచి ఒక మనిషి రాస్తే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. అందుకే అక్కడివాళ్లు రాయరు, రాసినా ఉద్యోగం పేరు దాచి పొడిపొడిగా రాస్తారు. తిట్లు లేకపోవడం అక్కడ దేనికీ రుజువు కాదు. అలాంటి కంపెనీ అయితే ఈ నాలుగు మెట్లూ పెద్దగా పనిచేయవు, నేరుగా అయిదోదానికి వెళ్లండి.

అయిదో పని: మిగిలినవాటిని ప్రశ్నలుగా మార్చి మనుషులను అడగండి

ఇప్పటికి మీ దగ్గర రెండో మూడో విషయాలు మిగులుతాయి. మాకు రెండు మిగిలాయి: ఆన్‌కాల్ నిజంగా ఎన్ని రాత్రులు, సపోర్ట్ టీమ్‌లో మనుషులు నిలుస్తున్నారా. రివ్యూలు ఇంతకన్నా చెప్పవు. వాటి పని అడగాల్సిందేమిటో చూపించడం వరకే.

లింక్డ్‌ఇన్‌లో ఆ కంపెనీలో అదే ఉద్యోగం చేసి మానేసినవాళ్లను వెతకండి. మానేసి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర అయినవాళ్లను ఎంచుకోండి. మొన్ననే మానేసినవాళ్లకు గాయం ఇంకా పచ్చిగా ఉంటుంది. మూడేళ్ల కిందట మానేసినవాళ్లు చెప్పేది వేరే కంపెనీ గురించి. మా చెల్లెలు ఏడుగురికి ఇలా రాసింది:

"నమస్తే అండి. మీరు పనిచేసిన కంపెనీలో సపోర్ట్ ఇంజినీరుగా నాకు ఆఫర్ వచ్చింది. రెండు చిన్న ప్రశ్నలు అడగొచ్చా? మీరున్నప్పుడు ఆన్‌కాల్ నెలకు ఎన్ని రాత్రులు పడేది? మీ టీమ్‌లో ఎంతమంది ఉండేవారు, మీరు మానేసేటప్పటికి ఎంతమంది మిగిలారు? మీ పేరు ఎక్కడా చెప్పను."

"కంపెనీ ఎలా ఉంటుంది?" అని అడగలేదు, చూశారా. అలా అడిగితే "బాగుంటుంది" అనో "వద్దు" అనో వస్తుంది, మళ్లీ స్టార్ల దగ్గరికే చేరతాం. "ఆన్‌కాల్ ఘోరమట కదా?" అని కూడా అడగకూడదు. జవాబు మనమే నోట్లో పెట్టినట్టవుతుంది. అంకె అడిగితే అంకె వస్తుంది. ఏడుగురిలో ముగ్గురు జవాబిచ్చారు. ముగ్గురూ చెప్పింది ఒకటే: కాగితం మీద నాలుగు వారాలకు ఒక వారం, కానీ ఎనిమిది మంది ఉండాల్సిన టీమ్‌లో అయిదుగురే ఉండటం వల్ల రెండు వారాలకు ఒకసారి పడేది.

తర్వాత అదే ప్రశ్న కంపెనీని అడగండి, ఒక్కరిని కాదు ఇద్దరిని. హెచ్‌ఆర్‌ను, మీరు రిపోర్ట్ చేయబోయే మేనేజర్‌ను, విడివిడిగా. రివ్యూల మాట ఎత్తకండి. ఎత్తితే వాళ్లు మీ ప్రశ్నకు కాకుండా రివ్యూకు జవాబు చెబుతారు. మా చెల్లెలు అడిగితే హెచ్‌ఆర్ "చాలా అరుదుగా ఉంటుంది" అంది. మేనేజర్ "నాలుగు వారాలకు ఒకటి, ఇప్పుడు మనుషులు తక్కువున్నారు కాబట్టి ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ" అన్నాడు. మేనేజర్ మాట మానేసినవాళ్ల మాటతో కలిసింది. హెచ్‌ఆర్ అబద్ధం చెప్పిందని నేననను, ఆమెకు రాత్రి ఫోన్ మోగదు, అంతే. కానీ మేనేజర్ దాచకుండా చెప్పడం నాకు ఆ పేజీలోని 17 పొగడ్తల కన్నా ఎక్కువ నచ్చింది.

చివరి పని రాతపూర్వకంగా తీసుకోవడం. ఆఫర్‌కు ఒప్పుకుంటూ పంపే మెయిల్‌లోనే, మేనేజర్‌కు కాపీ పెట్టి, మీరు విన్నది, మీకు కావాల్సింది మీ మాటల్లో రాసి అవునా అని అడగండి. ఆమె రాసింది ఇది: "మన మాటల ప్రకారం ఆన్‌కాల్ నాలుగు వారాలకు ఒక వారం. అంతకు మించి పడితే మరుసటి వారంలో బదులుగా కాంప్ ఆఫ్ సెలవు ఇస్తారు. మొదటి మూడు నెలలు నన్ను రోస్టరులో వేయరు. ఇది సరైనదేనని ధ్రువీకరిస్తే నేను ఆఫర్‌ను అంగీకరిస్తున్నాను." ఇలాంటి మెయిల్ ఆఫర్ లెటరంత గట్టిది కాకపోవచ్చు, కానీ మేనేజర్ మారినా అది మిగులుతుంది. ఒప్పుకున్న విషయాన్ని రాసివ్వడానికి కంపెనీ వెనకాడితే, గడువు మిగిలి ఉండగానే మీకు ఆ సంగతి తెలుస్తుంది.

నాలుగో రోజు సాయంత్రం జవాబు వచ్చింది. మొదటి రెండింటికీ సరే అన్నారు. మూడు నెలలు కుదరదు, రెండు నెలలు ఆగుతాం అన్నారు. ఆమె ఒప్పుకుంది. ఆ ప్రమోషన్ తగాదా నిజమో కాదో మాత్రం మాకు తేలలేదు, ఆ పక్కన ప్రశ్నార్థకం ఇంకా అలాగే ఉంది.